జర్మనీలో భార్య, పసిబిడ్డ వస్తున్నారా? ఇంటి ఓనర్‌కి ఏం రాయాలంటే

స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడొకరు మొన్న అడిగాడు. భార్యకీ నాలుగు నెలల బాబుకీ వీసా వచ్చింది, ఉంటున్నది రెండు గదుల ఫ్లాట్, ఒక్కడినే అని చెప్పి తీసుకున్నాను, ఇప్పుడు ఓనర్ ఒప్పుకోకపోతే ఎలా అన్నా, అని. పాపం, టెన్షన్‌తో టికెట్ కూడా బుక్ చేయలేదు.

ముందు ఒకటి తెలుసుకో. జర్మనీలో భార్యాబిడ్డలు నీతో ఉండటానికి ఓనర్ పర్మిషన్ అక్కర్లేదు. స్నేహితుణ్ణి తెచ్చి పెట్టుకోవాలంటే అడగాలి గానీ, పెళ్ళాం పిల్లల్ని చట్టం బయటివాళ్ళుగా చూడదు. అయితే అడగక్కర్లేదంటే చెప్పక్కర్లేదని కాదు, వాళ్ళు వస్తున్నట్టు తెలియజేయాల్సిందే. అందుకే మెయిల్‌లో "అనుమతి ఇవ్వగలరా" అని రాయకు. అలా రాస్తే లేని అధికారం నువ్వే చేతికిచ్చినట్టు, ఆలోచించి చెప్తానని ఆయన నెల రోజులు నానబెట్టొచ్చు. "ఫలానా తేదీ నుంచి నా భార్య, కొడుకు నాతో ఉంటారు, మీకు తెలియజేస్తున్నాను" అని మర్యాదగా రాయి. ఇద్దరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాసి, పుట్టిన తేదీలు, వచ్చే తేదీ ఇవ్వు. ఫోన్‌లో మాట్లాడినా సరే, తర్వాత మెయిల్ కూడా పెట్టు.

అదే మెయిల్‌లో వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ కూడా అడుగు. వీళ్ళు ఫలానా తేదీన ఈ ఇంట్లో దిగారని ఓనర్ సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. దిగిన రెండు వారాల్లోపు ఊరి పౌర కార్యాలయమైన బ్యూర్గర్‌ఆంట్‌లో అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించాలి, దానికి ఈ కాగితం కావాలి. నువ్వొక్కడివే దిగినప్పుడు తీసుకున్నది ఇప్పుడు పనికిరాదు, భార్య పేరు, బాబు పేరు రెండూ ఉన్న కొత్తది కావాలి. పెద్ద ఊళ్ళలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి టికెట్ ఖాయమవగానే స్లాట్ పట్టుకో. ఓనర్ సంతకం పెట్టనంటే ఊరుకోకు, ఆ సంగతి వెంటనే బ్యూర్గర్‌ఆంట్‌లో చెప్పు. కాగితం ఇవ్వడం ఓనర్‌కి చట్టం పెట్టిన బాధ్యత, ఇవ్వకపోతే ఫైన్ కూడా పడొచ్చు.

ఇక డబ్బు. ఈ తమ్ముడికి కాల్ట్‌మీటె, అంటే అసలు అద్దె, 780 యూరోలు, నేబెన్‌కోస్టెన్, అంటే నీళ్ళు, హీటింగ్ లాంటి ఖర్చుల కింద నెలకు అడ్వాన్స్ 150. మనుషులు పెరుగుతున్నారు కాబట్టి అద్దె 100 పెంచుతానని ఓనర్ ఫోన్‌లో అన్నాడట. కుటుంబం వచ్చిందన్న ఒక్క కారణంతో కాల్ట్‌మీటె పెంచడం కుదరదు. నేబెన్‌కోస్టెన్ సంగతి వేరు. మీ అద్దె ఒప్పందం, మీట్‌ఫెర్ట్రాగ్, తీసి ఆ ఖర్చులు దేని ప్రకారం పంచుతున్నారో చూడు. చదరపు మీటర్ల లెక్కైతే, మనుషులు పెరిగారని నీ వాటా దానంతటదే పెరగదు. తలల లెక్కన పంచే పద్దులుంటే మాత్రం ఒకరి వాటా మూడవుతుంది, అది న్యాయమే. వేడినీళ్ళు, హీటింగ్ వాడకాన్ని బట్టి పెరుగుతాయి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎలాగూ పెరుగుతాయి కూడా. ఏడాది చివర ఒకేసారి పెద్ద బిల్లు రాకుండా "అడ్వాన్స్ నెలకు 40 పెంచుకుందాం, అద్దె అలాగే ఉంచండి" అని మనమే రాద్దామన్నాను, రాశాడు, ఓనర్ సరేనన్నాడు. నిజంగా ఖర్చు కాకపోతే ఆ డబ్బు వార్షిక లెక్కలో వెనక్కి వస్తుంది, అదే అద్దెలో కలిస్తే పోయినట్టే.

ఓనర్ గట్టిగా అడ్డు చెప్పగలిగేది ఇల్లు మరీ కిక్కిరిసిపోతేనే. ఇక్కడ రెండు గదులంటే హాలు, పడకగది, వంటిల్లు లెక్కలోకి రాదు. ఇద్దరు పెద్దలు, ఒక చంటిబిడ్డకి మామూలుగా అది ఇబ్బందే కాదు. హాస్టల్లోనో, ఇంకొకరి దగ్గర సబ్‌లెట్‌లోనో ఉన్నవాళ్ళు మాత్రం ముందు కాంట్రాక్ట్ చదవండి. సబ్‌లెట్ అయితే వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ మీద సంతకం పెట్టాల్సింది నీకు ఇల్లిచ్చిన అసలు కిరాయిదారు.

చివరిగా పోస్ట్ డబ్బా. మా ఆవిడ, పాప వచ్చినప్పుడు ఓనర్‌కి చెప్పాను, అన్‌మెల్డుంగ్ చేయించాను, డబ్బా మీద మాత్రం నా ఇంటిపేరొక్కటే ఉంది. మా ఆవిడ పాస్‌పోర్ట్‌లో ఆమె పుట్టింటి ఇంటిపేరు, పాప పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడిలో ఇంకో పేరు, మన దగ్గర మామూలే కదా. వాళ్ళిద్దరి టాక్స్ నంబర్ల ఉత్తరాలూ తిరిగి వెళ్ళిపోయాయి. మళ్ళీ అడిగితే మళ్ళీ పోస్ట్‌లోనే పంపుతారు, వారాలు పట్టింది, పాపకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కిండర్‌గెల్డ్ అప్లికేషన్ అంతవరకు ఆగిపోయింది. అందుకని ఓనర్‌కి రాసే ఆ మెయిల్‌లోనే, డబ్బా మీదా బెల్ మీదా మూడు పేర్లూ పెట్టించమని ఒక లైన్ చేర్చు. పెట్టించేలోగా వాళ్ళు దిగిన రోజునే ఒక కాగితం ముక్క మీద ముగ్గురి పేర్లూ పెద్ద అక్షరాలతో రాసి, వాన తగలకుండా పైన టేప్ వేసి అతికించు.