ఇండోనేషియాకు ఎండుమిర్చి: ఇన్వాయిస్ అనువాదంలో తప్పు దొర్లితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: గుంటూరు నుంచి సురబయకు మొదటిసారి ఎండుమిర్చి పంపుతున్నాం. అక్కడి కొనుగోలుదారు కమర్షియల్ ఇన్వాయిస్‌ను ఇండోనేషియా భాషలో కూడా ఇమ్మంటున్నాడు. ఆ భాష కొంత తెలిసిన బంధువు ఒకరు అనువదించి ఇచ్చారు. దానిపై మా సంతకం, సీలు వేసి పంపవచ్చా? నకలు జత చేస్తున్నాను.

జవాబు: ఆ కాగితంపై ఈ రూపంలో సంతకం చేయవద్దు. ఇండోనేషియా కస్టమ్స్‌కు దిగుమతి డిక్లరేషన్ ఇవ్వవలసింది మీరు కాదు, మీ కొనుగోలుదారు. ఆయనగానీ, ఆయన నియమించుకున్న కస్టమ్స్ బ్రోకరుగానీ దాన్ని ఇండోనేషియా భాషలో నింపుతారు. మీ ఇంగ్లీషు ఇన్వాయిస్ దానికి ఆధారపత్రం. మీరు పంపిన నకలుకు కూడా అదే నంబరు, అదే తేదీ, మీ సీలు ఉన్నాయి కనుక అది అనువాదంలా కాక రెండో అసలు ఇన్వాయిస్‌లా కనిపిస్తుంది. ఒకే సరుకుకు రెండు ఇన్వాయిస్‌లు ఉండి, వాటిలో రెండు రకాల వివరాలు ఉంటే, ఏది నిజమని అధికారి అడిగినప్పుడు మీ కొనుగోలుదారు వద్ద సమాధానం ఉండదు.

ఆ తేడాలు మీ నకలులో నిజంగానే ఉన్నాయి. ఇంగ్లీషులో మీరు రెడ్ చిల్లీ పెప్పర్ అని రాశారు. మీ బంధువు పెప్పర్ అన్న మాటను పట్టుకుని 'లాడా' అని రాశారు. ఇండోనేషియాలో లాడా అంటే మిరియాలు. మిరపకాయ 'చబై', ఎండుమిర్చి 'చబై కెరింగ్'. సరుకు రకాన్ని కస్టమ్స్ గుర్తించే హెచ్ఎస్ కోడ్ పొడి చేయని ఎండుమిర్చికి 0904.21, పొడి చేయని మిరియాలకు 0904.11. కోడ్ ఒకటి, పేరు మరొకటి అయితే సరుకు ఆగుతుంది. పైగా సరుకుకు తెగుళ్లు లేవని ధ్రువీకరించే మీ ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో మిరప శాస్త్రీయ నామమైన క్యాప్సికమ్ అని ఉంటుంది కాబట్టి అక్కడి క్వారంటైన్ వారికీ అనుమానం వస్తుంది. ఇంగ్లీషులోనే పెప్పర్ అన్న మాట తీసివేసి, ఎండు ఎర్రమిరపకాయలు, పొడి చేయనివి అనే అర్థం వచ్చేలా రాసి, శాస్త్రీయ నామం చేర్చండి.

రెండో తప్పు ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే చూడగానే అది తప్పుగా కనిపించదు. ఇండోనేషియాలో వేలను చుక్కతో, దశాంశాన్ని కామాతో రాస్తారు. మీ 560 బస్తాల నికర బరువు 14,000 కిలోలు. అనువాదంలో అంకెలను మార్చకుండా ఉంచినందున అక్కడి వారు దాన్ని 14 కిలోలుగా చదివే అవకాశం ఉంది. కిలో ధర 2.450 డాలర్లు అని మూడు దశాంశాలతో రాశారు. అది వారికి రెండు వేల నాలుగు వందల యాభై. అనువాదంలో 14.000 అని, 2,45 అని, మొత్తం 34.300,00 అని ఉండాలి. మొత్తాన్ని అక్షరాలలో కూడా రాస్తే సందేహం మిగలదు.

ఇక బాధ్యత విషయం. 1995 నాటి ఇండోనేషియా కస్టమ్స్ చట్టం ప్రకారం, సరుకు రకాన్నో పరిమాణాన్నో తప్పుగా ప్రకటించి సుంకం తక్కువ కట్టినట్లు తేలితే, తగ్గిన సొమ్ముకు 100 శాతం నుంచి 1000 శాతం వరకు జరిమానా ఉంటుంది. అది ముందుగా దిగుమతిదారుపైనే పడుతుంది. కానీ మీ సీలున్న అనువాదాన్ని నమ్మి నింపానని ఆయన చెబితే, జరిమానాను, రేవులో కంటైనర్ నిలిచిన రోజుల ఖర్చును ఒప్పందం ప్రకారం మీ నుంచే రాబట్టుకోవాలని చూస్తారు. ఇక మన దేశంలో, ఎగుమతికి కస్టమ్స్ వద్ద దాఖలు చేసే షిప్పింగ్ బిల్లులోని వివరాలు నిజమని భారత కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్ కింద ప్రకటించేది మీరే. సరుకు వెళ్లిపోయాక దాన్ని సవరించాలంటే 149వ సెక్షన్ ప్రకారం ఎగుమతి నాటికే ఉన్న పత్రాలను చూపాలి. తర్వాత తయారు చేసుకున్న కాగితం పనికిరాదు. అందుకే వివరణను షిప్పింగ్ బిల్లు వేయకముందే స్థిరపరచుకోవాలి.

కాబట్టి ఇంగ్లీషు ఇన్వాయిస్ ఒక్కదానిపైనే సంతకం చేయండి. ఇండోనేషియా ప్రతిపై 'అనువాదం' అన్న అర్థమిచ్చే 'తెర్జెమాహన్' అన్న మాటను శీర్షికగా పెట్టించి, అసలు ఇన్వాయిస్ నంబరును పేర్కొని, తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని ఒక వాక్యం రాయించండి. దాన్ని అక్కడ ప్రమాణం చేసిన అనువాదకుడి చేత కొనుగోలుదారే చేయించుకుంటే మీకు మరింత మేలు. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ వంటి ధర షరతుల మాటలను అనువదించవద్దు. బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే, ఇన్వాయిస్‌లోని సరుకు వివరణ దానిలోని వివరణకు సరిపోవాలని అలాంటి క్రెడిట్లకు వర్తించే యూసీపీ 600 అంతర్జాతీయ నియమాల 18వ అధికరణం చెబుతోంది. కాబట్టి పెప్పర్ అన్న మాట క్రెడిట్‌లో కూడా ఉంటే ముందు దాన్ని సవరించమని కొనుగోలుదారును కోరండి. చివరగా, ఆయన బ్రోకరు నింపిన డిక్లరేషన్ ముసాయిదాను దాఖలుకు ముందే ఈమెయిల్‌లో తెప్పించుకుని, సరుకు పేరు, కోడ్, బరువు, ధర అన్న నాలుగు గడులను మీ ఇన్వాయిస్‌తో పోల్చి చూసి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే ఇవ్వండి.