చనిపోయిన వ్యాపారి మీద నీ దావా ఏమవుతుంది: మేనల్లుడికి ఒక లేఖ

గుంటూరు,
అక్టోబరు 20.

చిరంజీవి శ్రీనివాసుకు మీ మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, ఆ కమీషన్ వ్యాపారి ఆగస్టు 12న గుండెపోటుతో పోయాడని, ఆ సంగతి నీకు యార్డులో ఎవరో మొన్ననే చెప్పారని, ఇక నీ దావా కూడా అతనితోనే పోయినట్టేనా అని అడిగావు. ఫోనులో నేను ముక్తసరిగా చెప్పిన జవాబు నీకు సగమే అర్థమై ఉంటుంది కనుక, ముప్పై ఏళ్లకు పైగా ఈ కోర్టు వరండాల్లో తిరిగినవాడిగా వివరంగా రాస్తున్నాను. దీన్ని మీ వకీలుగారికి కూడా చూపించు. ఆయన కాదన్న చోట ఆయన మాటే విను, ఎందుకంటే నీ ఫైలు ఉన్నది ఆయన దగ్గర.

ముందుగా నీ దావాలో రెండు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయన్న సంగతి గుర్తించాలి. నువ్వు కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న 120 టిక్కీల తేజ మిర్చిని నీకు చెప్పకుండా అమ్ముకుని డబ్బు వాడుకున్నాడన్నది మొదటిది. టిక్కీకి 40 కిలోల చొప్పున 48 క్వింటాళ్లు, క్వింటా 18,000 లెక్కన 8,64,000 రూపాయలు. అందులో అతను మధ్యలో ఇచ్చిన 2,00,000 తీసేస్తే 6,64,000 మిగిలాయి. ఆ డబ్బు అడగడానికి వెళ్లినప్పుడు నీ మీద చెయ్యి చేసుకుని తల పగలగొట్టాడన్నది రెండోది. దానికి పరిహారంగా ఇంకో 2,00,000 అడిగావు. ఒకే దావాలో, ఒకే మనిషి మీద వేసినా, ఆ మనిషి చావుతో ఈ రెండింటి గతీ ఒకేలా ఉండదు.

మనిషితో పాటే అతని మీద ఉన్న వ్యాజ్యమూ పోతుందన్న పాత సూత్రం ఇంగ్లండు నుంచి మన కోర్టులకు వచ్చింది. దాన్ని మన దగ్గర చాలావరకు కుదించింది 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 306వ సెక్షను. ఆ సెక్షను చెప్పేదాని సారాంశం ఏమంటే, చనిపోయిన నాటికి ఒకరి మీద ఉన్న హక్కులూ వ్యాజ్యాలూ అన్నీ అతని ఆస్తిని చేతిలో పెట్టుకున్నవారి మీద కొనసాగుతాయి, అయితే పరువునష్టం, దౌర్జన్యంగా చెయ్యి చేసుకోవడం, చావుకు దారితీయని ఇతర శరీర హాని మాత్రం ఇందుకు మినహాయింపు. అంటే నీ తలకు తగిలిన దెబ్బ తాలూకు 2,00,000 అతనితోనే పోయింది, 6,64,000 పోలేదు. కుట్లు పడింది నీకైతే లాభపడింది వాళ్లా అని నీకు కోపం వస్తుందని తెలుసు. నాకూ ఆ మినహాయింపు ఎన్నడూ న్యాయంగా అనిపించలేదు, కానీ దాన్ని మార్చాల్సింది పార్లమెంటు, మన జడ్జిగారు కాదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆ రెండు లక్షలు కూడా నిలిచి ఉండేవి. అతను బతికుండగానే నీకు డిక్రీ వచ్చి ఉంటే, దెబ్బకు పరిహారం అప్పటికే అప్పుగా మారిపోయేది, ఆ తరవాత అతను పోయినా ఆ అప్పు అతని ఆస్తిని వదిలేది కాదు. పరువునష్టం కేసుల్లో సుప్రీంకోర్టు 1986లో ఈ తేడానే చెప్పింది. మనకు డిక్రీ రాలేదు గనక దాని గురించి పొడిగించను.

అవతలి వకీలు వేయబోయే ఎత్తు ఒకటి ఇక్కడే ఉంటుంది. 'ఇది కొట్లాట వ్యవహారం, వ్యక్తిగత వైరం, ప్రతివాది చనిపోయాడు గనక మొత్తం దావా పోయింది' అని వాదిస్తాడు. కోర్టు దావాకు పెట్టిన పేరు చూడదు, జరిగిన నష్టం ఆస్తికా, ఒంటికా అన్నది చూస్తుంది. ఒక వకీలు అశ్రద్ధ మీద కక్షిదారు వేసిన నష్టపరిహార దావాలో, కక్షిదారు మధ్యలో చనిపోతే, ఒప్పందం మీద నిలబడే భాగాన్నీ వ్యక్తిగత హాని మీద నిలబడే భాగాన్నీ వేరుచేసి చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. అక్కడ పోయినవాడు వాది, ఇక్కడ ప్రతివాది, కానీ విడదీసే పద్ధతి అదే. అందుకని మీ వకీలుగారిని అడిగి, సరుకు తాలూకు పేరాలూ దెబ్బ తాలూకు పేరాలూ కలగాపులగంగా లేకుండా చూసుకో. నిజానికి దెబ్బ భాగాన్ని మనమే వదులుకుంటున్నామని చెప్పేస్తే మిగిలినదానికి బలం వస్తుంది.

ఇక అన్నిటికన్నా తొందరైన పని. ప్రతివాది చనిపోతే అతని వారసులను దావాలో చేర్చమని పిటిషన్ వెయ్యడానికి లిమిటేషన్ చట్టం 90 రోజులు ఇచ్చింది. ఆ 90 రోజులు చనిపోయిన రోజు నుంచే లెక్క, నీకు తెలిసిన రోజు నుంచి కాదు. ఆగస్టు 12 నుంచి లెక్కవేస్తే ఇవాళ్టికి 69 రోజులు గడిచాయి, నవంబరు 10తో గడువు అయిపోతుంది. అది దాటితే దావా దానంతటదే అబేట్ అవుతుంది, అంటే అక్కడితో రద్దయిపోతుంది, జడ్జిగారు ప్రత్యేకంగా ఉత్తర్వు రాయనక్కరలేదు. తరవాత ఇంకో 60 రోజుల్లోపు, అంటే సుమారు జనవరి 9 లోపు, ఆ అబేట్‌మెంటును రద్దు చేయమని కారణం చూపి అడగవచ్చు. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని రోజుకో సంజాయిషీ చెప్పుకోవాలి. కక్షిదారు మరణాన్ని కోర్టుకు తెలపవలసిన బాధ్యత అవతలి వకీలుదే అని సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మా జూనియర్ రోజుల్లో ఒక పొగాకు వ్యాపారి కేసులో, పెద్దకర్మ కాకముందే వారసుల మీద పిటిషన్ వేస్తే బాగుండదని మా కక్షిదారు మొహమాటపడితే నేను సరేనన్నాను. తరవాత సంక్రాంతి సెలవులు వచ్చాయి, ఫైలు అల్మరాలో పడింది, నేను కళ్లు తెరిచేసరికి 90 దాటి 40 రోజులు గడిచాయి. చివరికి రద్దు పిటిషన్ గెలిచాం గాని దానికే ఏడాదిన్నర పట్టింది.

ఎవరెవరిని చేర్చాలన్నది తరవాతి సంగతి. నువ్వు ఫోనులో భార్య, ఇద్దరు కొడుకులు అన్నావు. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే మొదటి తరగతి వారసుల్లో కూతురు, తల్లి కూడా ఉంటారు. పెళ్లయి విజయవాడలో ఉంటున్న ఆ అమ్మాయినీ, ఊళ్లో ఉన్న ముసలావిడనీ మరిచిపోవద్దు. అందరూ మరిచిపోయేది ఆ తల్లినే. తహశీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దొరికితే మంచిది, దొరక్కపోయినా నీకు తెలిసినంతవరకు నిజాయితీగా వాకబు చేసి చేర్చావని అఫిడవిట్‌లో కనిపించాలి. కార్పొరేషన్ నుంచి మరణ ధ్రువపత్రం నకలు తెచ్చుకో, 90 రోజుల లెక్కకు ఆ కాగితమే ఆధారం. ఒకవేళ నువ్వు ఇంకా దావా వెయ్యకుండా ఉండి, తెలియక అతని పేరు మీదే ఇప్పుడు వేసి ఉంటే, చనిపోయిన మనిషి మీద వేసిన దావా చెల్లేది కాదు, వారసుల మీదే వెయ్యాల్సి వచ్చేది. నీకు ఆ బాధ లేదు.

చేర్చాక, 'మా నాన్న చేసినదానికి మేమెందుకు కట్టాలి' అని కొడుకులు తప్పక అంటారు. సగం నిజమే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్ల ప్రకారం వారు బాధ్యులయ్యేది తండ్రి ఆస్తి తమ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే. పెద్దవాడి జీతం మీద గాని, చిన్నవాడు సొంతంగా కొనుక్కున్న ఆటో మీద గాని నీకు హక్కు లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకుకు పుణ్యకార్యమన్న పాత ధర్మాన్ని ఆధారం చేసుకుని కొడుకుల మీదికి వెళ్లే దారి, 2005 సెప్టెంబరు 9 తరవాత చేసిన అప్పులకు మూసుకుపోయింది. అయితే తండ్రి ఆస్తి చేతికి వచ్చాక దాన్ని అమ్మి మాయం చేసి లెక్క చెప్పలేకపోతే, ఆ మేరకు కోర్టు వాళ్ల సొంతానికే ఎసరు పెట్టగలదు. వాళ్లకు ఏమేం వచ్చిందో లెక్క చూపమని కోర్టు చేత అడిగించే హక్కు నీకుంది.

అందువల్ల అసలు ప్రశ్న 'గెలుస్తానా' అన్నది కాదు, 'గెలిస్తే దేనిమీద వసూలవుతుంది' అన్నది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అతని ఇంటికి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన తాకట్లూ అమ్మకాలూ చూపే ధ్రువపత్రం, తీయించు. నువ్వు చెప్పినట్టు ఆ ఇల్లు 20 లక్షలు చేసి, దాని మీద బ్యాంకు తాకట్టు 12 లక్షలు ఉంటే, తాకట్టు ముందు తీరుతుంది, మిగిలేది 8 లక్షలు. యార్డులో అతని చేత నష్టపోయిన రైతులు ఇంకెవరైనా 9,36,000కు డిక్రీలు తెచ్చుకుని, ఇంటి అమ్మకం డబ్బు కోర్టుకు చేరకముందే అదే కోర్టులో అమలు దరఖాస్తు వేస్తే, ఆ 8 లక్షలు అందరికీ దామాషాలో పంచుతారు. మొత్తం బాకీ 16 లక్షలు గనక రూపాయికి అర్ధరూపాయి లెక్కన, వడ్డీ, ఖర్చులు పక్కన పెడితే, నీ వాటా 3,32,000. ఇంకా యార్డులో ఇతర వ్యాపారులు అతనికి బాకీ పడ్డ సొమ్ము కూడా అతని ఆస్తే, దాన్ని వెతకడం ఎవరికీ తట్టదు. ఉద్యోగంలో ఉండగా జమ అయిన పీఎఫ్ సొమ్మునూ, భార్యాబిడ్డల పేర ప్రత్యేకంగా కట్టిన బీమా సొమ్మునూ మాత్రం లెక్కలో వేసుకోవద్దు. చావుకు ముందే ఇంటిని భార్య పేర దానం రాశాడని ఈసీలో కనిపిస్తే, అప్పులవాళ్లను మోసగించే ఉద్దేశంతో రాసిన దానపత్రాన్ని కొట్టివేయించే దారి వేరే ఉంది. కుటుంబం ఇల్లు అమ్మకానికి పెట్టిందని తెలిస్తే తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు, కానీ అనుమానం చాలదు, బేరం నడుస్తున్నట్టు సాక్ష్యం కావాలి.

పోలీసు కేసు సంగతి అడిగావు. నిందితుడు పోయాక ఆ విచారణ ముగిసినట్టే, కానీ అందులో చేరిన కాగితాలు నీకు పనికొస్తాయి. కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు బయటకు వెళ్లిన రోజు గేటు పాసు మీద, నీలం కార్బను అచ్చులో, 'రైతు తరఫున' అని రాసి కింద అతను చేసిన సంతకం నేను చూశాను. నీ బాండు నంబరు, 120 టిక్కీలు, తేదీ అన్నీ ఆ ఒక్క చీటీలోనే ఉన్నాయి. కేసు మూసేశాక ఆ కాగితాలు ఎక్కడికి పోతాయో చెప్పలేం, ధ్రువీకరించిన నకలు కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టు.

వచ్చే సోమవారం ఉదయం మరణ ధ్రువపత్రం, ఈసీ, వారసుల పేర్లూ వయసులూ చిరునామాలూ తీసుకుని నేరుగా మీ వకీలుగారి ఆఫీసుకు రా. నేను పది గంటలకల్లా అక్కడ ఉంటాను. ఈలోగా ఆ ఇంటికి వెళ్లి ఆ విధవరాలి చేత నోటు మీద సంతకం పెట్టించుకునే ప్రయత్నం మాత్రం చేయకు. బెదిరించావన్న మాట ఒక్కటి పుడితే, ఇప్పటిదాకా లేని కొట్లాట కేసు నీ మీదే నడుస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య.