జాబ్ ఫెయిర్‌కు కలిసి వెళ్లండి, బూత్ దగ్గర ఒక్కరే నిలబడండి

వచ్చే నెల మీ విశ్వవిద్యాలయంలో జరగబోయే జాబ్ ఫెయిర్‌కు రెజ్యూమే ప్రతులు ఎన్ని పట్టుకెళ్లాలి, కంపెనీవాళ్ల ఎదుట నిలబడి ఏం మాట్లాడాలి, తిరిగి వచ్చాక ఏం చేయాలి అని అడిగారు. ఉత్తరం చివర, ఒకే ఇంట్లో ఉంటున్న ముగ్గురు స్నేహితులతో కలిసి వెళ్తున్నాను కాబట్టి భయం లేదని ఒక మాట కలిపారు. మీరు అడిగిన మూడు ప్రశ్నలకంటే ముందు నేను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది నేను చేసిన పొరపాట్లన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

మా మొదటి జాబ్ ఫెయిర్‌కు మేము కూడా నలుగురం వెళ్లాం. నలుగురమూ తెలుగువాళ్లమే, నలుగురిదీ ఒకే కోర్సు. వరుసలో నిలబడినంతసేపూ తెలుగులో మాట్లాడుకుంటూ, బల్ల దగ్గరికి చేరగానే ఒక్కసారిగా ఇంగ్లిషులోకి మారేవాళ్లం. ఒకరు మాట్లాడితే మిగిలిన ముగ్గురం తల ఊపేవాళ్లం. మా రెజ్యూమేలన్నీ ఒకే సీనియర్ ఇచ్చిన నమూనాలో తయారైనవి. నాలుగింటిలోనూ ఒకే క్లాసులో చేసిన ఒకే ప్రాజెక్టు దాదాపు అవే మాటల్లో ఉండేది. ఒక బల్ల దగ్గర కూర్చున్న రిక్రూటర్ మా నాలుగు కాగితాలనూ కలిపి ఒకే క్లిప్పు పెట్టి పక్కన ఉంచింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆమెకు కనిపించింది నలుగురు మనుషులు కాదు, ఒకే మనిషి నాలుగు ప్రతులు.

ఆ రోజు గంటన్నరలో నేను 40 ప్రతులు పంచేశాను. చేతిలో కాగితం మిగలకపోవడమే విజయమనుకున్నాను. ఇంటికి వచ్చాక ఎవరితో మాట్లాడానో ఒక్క పేరు కూడా గుర్తు లేదు, రాసుకున్నదీ లేదు. రెండు వారాలు ఫోను పక్కన పెట్టుకుని ఎదురు చూశాను, ఎవరూ పిలవలేదు. తరువాత ఆలోచిస్తే తెలిసింది, మేము గుంపుగా వెళ్లింది ఉద్యోగం కోసం కాదు, ఆ పెద్ద హాలులో ఒంటరిగా నిలబడలేక. కొత్త దేశంలో మొదటి ఏడాది మనిషిని అన్నిటికంటే ఎక్కువగా లోబరచుకునేది ఆ ఒంటరితనమే. దాన్ని గుర్తించకపోతే ఎంత మంచి రెజ్యూమే ఉన్నా మీరు స్నేహితుల వెనుకే నిలబడిపోతారు. కాబట్టి కలిసి వెళ్లండి, కానీ ద్వారం దగ్గరే విడిపోండి. రెండు గంటల తరువాత ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఒక్కరే వెళ్లి మాట్లాడి వచ్చాక ఆ విషయం చెప్పుకోవడానికి మనిషి ఉన్నాడన్న ధైర్యం చాలు.

ఇక ప్రతుల సంగతి. రాబోయే కంపెనీల జాబితాను విశ్వవిద్యాలయం కొన్ని రోజుల ముందే ప్రకటిస్తుంది. అందులో మీకు నిజంగా సరిపోయే ఉద్యోగాలున్నవి 8 లేదా 10 ఎంచుకోండి. అంతకు మించి ఒక పూటలో సరిగా మాట్లాడలేరు. ఒక్కో కంపెనీకి రెండు చొప్పున లెక్క వేయండి, ఎందుకంటే రిక్రూటర్ ఒక్కోసారి పక్కనున్న ఇంజినీరును పిలిచి, ఆయనకు కూడా ఒకటి ఇవ్వమంటారు. అనుకోకుండా కలిసేవాళ్ల కోసం మరో ఐదారు చేర్చుకుంటే 25 ప్రతులు సరిపోతాయి. ఒకే పేజీ, మామూలు తెల్ల కాగితం, మడత పడకుండా గట్టి ఫోల్డరు. మెరిసే మందపాటి కాగితం కొనకండి. దాని మీద పెన్ను సరిగా సాగదు. అంచుల్లో ఖాళీ బాగా వదలండి, వాళ్లు రాసుకునేది అక్కడే. రిక్రూటర్ మీ కాగితం అంచున ఒక మాట రాసుకుందంటే, సాయంత్రం ఆ కట్ట తిరగేసేటప్పుడు మీ దగ్గర ఒక క్షణం ఆగుతుందని అర్థం. రెండు రకాల ఉద్యోగాలకు ప్రయత్నిస్తుంటే రెండు రకాల రెజ్యూమేలు వేర్వేరు అరల్లో పెట్టుకోండి. బల్ల ముందు నిలబడి వెతుక్కుంటే చేతులు వణకడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కొన్ని కంపెనీలు కాగితం అసలు తీసుకోవు, వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోమంటాయి. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నన్ను పొమ్మంటున్నారనుకుని తిరిగి వచ్చేశాను. నిజానికి చాలా కంపెనీల్లో దరఖాస్తులన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ గుండా నడుస్తాయి. అందులో పేరు లేని మనిషిని రిక్రూటర్ ఇష్టపడినా ముందుకు పంపలేరు. అందుకే ముందు రోజే ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టి, ఆ ఉద్యోగం నంబరు రెజ్యూమే వెనుక పెన్సిల్‌తో రాసుకోండి. "నిన్ననే దరఖాస్తు పెట్టాను, ఇది దాని నంబరు" అన్నప్పుడు సంభాషణ అక్కడితో ఆగదు, అక్కడి నుంచే మొదలవుతుంది.

పరిచయం నలభై సెకన్లు మించకూడదు. మామూలు వేగంతో మాట్లాడితే ఇంగ్లిషులో అది 85, 90 మాటలకు మించదు. నేను మొదట్లో పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టి, పదో తరగతి మార్కుల మీదుగా వచ్చేవాణ్ని. వినేవారి చూపు నా భుజం మీదుగా వెనుక వరుస మీదికి పోవడం గమనించడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది. రెండో ఫెయిర్‌కు ముందు వారం రోజులు అద్దం ముందు కాకుండా గడియారం ముందు సాధన చేశాను. చెప్పింది ఇంగ్లిషులోనే అయినా, ఇలా సాగేది: "నమస్కారం, నా ఎం.ఎస్. మే నెలలో పూర్తవుతుంది. ఇక్కడికి రాకముందు రెండేళ్లు ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్‌కు టెస్టింగ్ చేశాను. ప్రతి విడుదలకు ముందు మనుషులు మూడు రోజులు చేసే పరీక్షలను ఆటోమేట్ చేసి, ఒక్క రాత్రిలో అయ్యేలా చేశాను. మీ టెస్ట్ ఇంజినీరు ఉద్యోగానికి నిన్న దరఖాస్తు పెట్టాను. కోడులో తప్పేమీ లేకపోయినా రాత్రి నడిచే టెస్టులు కొన్ని ఒక్కోసారి ఫెయిలవుతుంటాయి కదా, మీ బృందం వాటిని ఎలా తట్టుకుంటోంది?"

ఆ పరిచయంలో గొప్ప విశేషణం ఒక్కటీ లేదు. చేసిన పని ఒకటి, దాని ఫలితం ఒకటి, వాళ్ల ఉద్యోగం పేరు, చివర వాళ్లు మాట్లాడాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్నే ముఖ్యం. "మీ కంపెనీ ఏం చేస్తుంది" అని అడిగితే మీరు ఏమీ చదవలేదని తెలిసిపోతుంది. పనిలో చేయి పెట్టినవాడికి మాత్రమే తోచే ప్రశ్న ఒక్కటి అడిగితే, ఎదుటివారు రెండు నిమిషాలు తమ కష్టం చెప్పుకుంటారు. మీ పేరును మాత్రం నెమ్మదిగా, విడివిడిగా పలకండి. రెజ్యూమే మీద, ఛాతీ మీది పేరు పట్టీ మీద, దరఖాస్తులో ఒకే పేరు ఒకే వరుసలో ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటే వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో వెతికినా మీరు దొరకరు. వీసా ప్రస్తావనను మీ అంతట మీరు మొదటి వాక్యంలోకి తేకండి. వాళ్లు అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ నియమాలు, గడువులు మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కనుక్కోండి, నేను ఇక్కడ వివరించబోవడం లేదు.

మరో చిన్న ఉపాయం. మీకు అంతగా ఆశలేని రెండు కంపెనీల దగ్గరికి ముందు వెళ్లండి. గొంతు అక్కడ తెరుచుకుంటుంది. కానీ ఆశ పెట్టుకున్నవాటిని చివరి గంటకు వదలకండి. అప్పటికి వాళ్లు అలసిపోయి, పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు.

బూత్ నుంచి పది అడుగులు వేశాక గోడ పక్కన ఆగి, నాలుగు విషయాలు రాసుకోండి: ఎవరితో మాట్లాడారు, ఆయన లేదా ఆమె చెప్పిన ఒక కష్టం, మీరు పంపుతానన్నదేమిటి, ఎవరికి రాయమన్నారు. విజిటింగ్ కార్డు ఇవ్వకపోతే పేరు పట్టీ చూసి రాసుకోండి, ఈమెయిల్ చిరునామా అడగడానికి మొహమాటపడకండి. తరువాతి వరుసలో చేరే ముందే రాయాలి. మూడు బూత్‌లు తిరిగేసరికి ఏ మాట ఎవరిదో కలగాపులగమైపోతుంది.

నా రెండో ఫెయిర్‌లో ఏడుగురితో మాట్లాడి, ఏడు చీటీలతో ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రమే ఏడు ఈమెయిళ్లు రాశాను, ఏ రెండూ ఒక్కలా లేవు. ఆ టెస్ట్ ఇంజినీరు ఉద్యోగం రిక్రూటర్‌కు రాసినదానిలో కొద్ది వాక్యాలే: ఈ మధ్యాహ్నం ఫెయిర్‌లో కలిశాము, మీ రాత్రి టెస్టులు సోమవారాల్లోనే ఎక్కువగా ఫెయిలవుతున్నాయన్నారు, మా పాత కంపెనీలో అలాంటిదే వారాంతంలో డేటాబేసును పాత స్థితికి తేవడం వల్ల వచ్చింది, దాన్ని ఎలా పట్టుకున్నామో మూడు పంక్తుల్లో కింద రాశాను, ఉద్యోగం నంబరు ఇది, రెజ్యూమే జతచేశాను, తరువాత ఎవరిని సంప్రదించమంటారు? సబ్జెక్టులో నా పేరు, ఉద్యోగం పేరు, ఫెయిర్ తేదీ పెట్టాను. వాళ్ల రోజు ముగిశాక వచ్చే వంద ఉత్తరాల్లో "ధన్యవాదాలు" అన్న సబ్జెక్టు ఉన్నవే ఎక్కువ.

ఏడింటిలో నాలుగింటికి జవాబే రాలేదు. రెండింటికి కుదరదని మర్యాదగా జవాబు వచ్చింది. ఈ ఒక్కటే నాలుగు రోజుల తరువాత బృందం మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఫోనులో మొదటి మాటగా "ఆ సోమవారాల సంగతి చెప్పండి" అన్నారు. నాకు ఇక్కడి తొలి ఉద్యోగం అలా వచ్చింది.

జవాబు రాకపోతే వారం, పది రోజులు ఆగి, అదే ఉత్తరానికి కొనసాగింపుగా రెండు వాక్యాలు రాయండి. ఆ తరువాత వదిలేయండి. మూడోసారి రాయాలనిపిస్తే అది ఉద్యోగం గురించి కాదు, మనతో ఎవరూ మాట్లాడడం లేదన్న దిగులు గురించి. ఆ దిగులు నాకు బాగా తెలుసు. జవాబు రాని రాత్రుల్లో ఒక రిక్రూటర్‌కు నేను ఐదుసార్లు రాశాను, ఆపై ఏడాది ఆ కంపెనీ బూత్ దగ్గరికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. అలాంటి రాత్రి వచ్చినప్పుడు మీ ముగ్గురు స్నేహితులను వంటగదిలో కూర్చోబెట్టి, నలుగురి చీటీలూ బల్ల మీద పరచండి. మీరు మాట్లాడని కంపెనీ వాళ్లలో ఒకరి చీటీలో ఉండవచ్చు, వాళ్లకు పనికిరాని ఉద్యోగం మీకు సరిపోవచ్చు.