రెండేళ్ల చదువుకు డాలస్‌లో పాత కారు: అమ్మే రోజును దృష్టిలో పెట్టుకుని కొనండి

"మా అబ్బాయి ఆగస్టులో గుంటూరు నుంచి డాలస్‌కు ఎం.ఎస్. చదవడానికి వెళ్తున్నాడు. ఆరు వేల డాలర్లలోపు పాత కారు కొని, చదువు అయ్యాక అమ్మేయాలని ఆలోచన. ఏది కొనమంటారు?"

కొరొల్లా, సివిక్ లాంటివి చూడమనండి. ఎక్కువ మైళ్లు తిరిగినా వీటికి కొనేవాళ్లు దొరుకుతారు. అయితే మోడల్ కంటే ముందు చూడాల్సింది టైటిల్, అంటే యాజమాన్య పత్రం. నేను అక్కడ చదివేటప్పుడు రెండు కార్లు చూశాను. ఒకటి 2011 కొరొల్లా, 5,800 డాలర్లు, క్లీన్ టైటిల్. రెండోది దానికంటే నాలుగేళ్లు కొత్తది, ధర 4,700 మాత్రమే. కానీ ఒకసారి ప్రమాదంలో బాగా దెబ్బతిని, బాగుచేశాక 'రీబిల్ట్' ముద్ర పడిన టైటిల్ దానిది. ఆ ముద్ర చెరగదు. మనకు తక్కువకు వచ్చిన కారు మనం అమ్మేటప్పుడు కూడా తక్కువకే పోతుంది, అదీ కొనేవాడు దొరికితే. నేను కొరొల్లా తీసుకుని, చదువు అయ్యాక 4,600కు అమ్మాను. టెక్సస్‌లో కొన్నప్పుడు కట్టే 6.25 శాతం పన్ను, సుమారు 360 డాలర్లు, మాత్రం తిరిగి రాదు. బడ్జెట్లో దాన్ని కూడా కలుపుకోండి.

కారు చూడటానికి వెళ్లిన రోజు నేను విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌గా ఉన్న మా బాబాయికి వీడియో కాల్ చేశాను. "ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే చల్లారాక రమ్మన్నా మళ్లీ వెళ్లు" అన్నాడు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే చప్పుడూ నీలిపొగా వేడెక్కాక దాగిపోవచ్చు.

ఇంకో పని కూడా చేయాలి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చూపించే ఓబీడీ స్కానర్ ఇరవై, ముప్పై డాలర్లకు దొరుకుతుంది. దాన్ని స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టి చూడాలి. హెచ్చరిక దీపం వెలగకపోయినా, కారు తనంతట తాను చేసుకునే పరీక్షల్లో ఎక్కువ వాటి దగ్గర స్కానర్‌లో Not Ready అని కనిపిస్తే, లోపాల కోడ్‌లను ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూపించమని అడగాలి. ఒప్పుకోకపోతే వదిలేయడమే మంచిది. అన్నీ బాగున్నాయనిపిస్తే డబ్బు ఇచ్చేముందు బయటి మెకానిక్‌తో పరీక్ష చేయించండి.

టైటిల్ మీద పేరు, అమ్ముతున్న మనిషి గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే ఉండాలి. మన దగ్గర ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకుని బండి చేతులు మార్చినట్టు, అక్కడ కూడా కొందరు తమ పేరున మార్చుకోకుండానే అమ్ముతుంటారు. అలాంటి కారు వద్దు.

అమ్మకం గురించి కూడా ఇప్పుడే చెప్పి పంపండి. మే నెలలో చదువు ముగించిన వాళ్లందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, ధర పడిపోతుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగ అనుమతికి వెళ్లకపోతే, కోర్సు ముగిశాక ఉండగలిగేది 60 రోజులే. అందుకే మార్చిలోనే జూనియర్లకు చెప్పి ఉంచితే తొందరపడి అమ్మాల్సిన పని ఉండదు. కొన్నవాళ్లతో కలిసి కౌంటీ పన్ను కార్యాలయానికి వెళ్లి పేరు మార్పించి, నంబరు ప్లేట్లు తీసేసుకుని, 30 రోజుల్లోగా అమ్మినట్టు రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు తెలియజేయాలి. లేకపోతే వాళ్లు దాటిన టోల్ గేట్ల బిల్లులు మీ అబ్బాయి పేరునే వస్తాయి.