యాప్‌లో 26 వేలా, గోడౌన్‌లో 14,800లా?

"సార్, మాది కర్నూలు. వయసు 29. మూడేళ్లుగా ఫుడ్ డెలివరీ చేస్తున్నా. నెలకు 26 వేల దాకా పడుతుంది. మేలో మాత్రం 18 వేలే వచ్చింది. పొద్దున 11కి లాగిన్ అయితే ఇంటికి వచ్చేసరికి రాత్రి 11 అవుతుంది. ఇప్పుడు కల్లూరు ఎస్టేట్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్స్ పని ఇస్తామంటున్నారు. జీతం 16,500, పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 14,800 అంట. నెలకు పదకొండు వేలు వదులుకోవడమా అని ఇంట్లో గొడవ. అమ్మకు షుగర్, పాపకు ఏడాది. ఏం చేయమంటారు?"

ఆ పదకొండు వేల తేడా నిజంగా లేదు. అకౌంట్లో పడిన డబ్బునే మీరు జీతం అనుకుంటున్నారు. అందులో మీ బండి వాటా కూడా ఉంది, ముందు దాన్ని పక్కకు తీద్దాం.

సి-క్యాంప్ నుంచి రాజ్‌విహార్, అక్కడి నుంచి నంద్యాల చెక్‌పోస్ట్ అంటూ రోజుకు వంద కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 50 ఇచ్చే బండికి రోజుకు రెండు లీటర్లు, అంటే దాదాపు 220 రూపాయలు. నెలకు 26 రోజులకు 5,720. ఆయిల్, బ్రేకులు, టైర్లకు సగటున వెయ్యి. బ్యాగు, డేటా, ఒకటీ అరా చలాన్లకు 500. ఇక ఎవరూ లెక్కలో వేయనిది బండి అరుగుదల. లక్ష పెట్టి కొన్న బండి మీ తిరుగుడుకు నాలుగేళ్లలో దాదాపు లక్షా పాతిక వేల కిలోమీటర్లు తిరుగుతుంది. అమ్మితే ఇరవై వేలు వస్తే గొప్ప. పోయిన 80 వేలను 48 నెలలకు పంచితే నెలకు దాదాపు 1,650. ఇది ఈ నెల జేబులోంచి పోదు, నాలుగేళ్ల తర్వాత కొత్త బండి కొనేటప్పుడు ఒక్కసారిగా మీద పడుతుంది.

అన్నీ కలిపితే 8,870. మీ అసలు సంపాదన 17,130. రోజుకు 11 గంటలు వేసుకుంటే గంటకు 60 రూపాయలు. మేలో 18 వేలు వచ్చినప్పుడు, తిరుగుడుతో పాటు ఖర్చులూ అదే మేరకు తగ్గాయనుకున్నా మిగిలింది పదకొండు వేల చిల్లరే. మన ఊరి ఎండల్లో మధ్యాహ్నం తిరగలేకపోవడం మీ తప్పు కాదు, కానీ నష్టం మొత్తం మీదే. ఇక్కడ మీరే యజమాని అని యాప్ చెప్పే మాటకు అర్థం అదే.

ఇక గోడౌన్ సంగతి. చేతికి 14,800 అన్నారంటే పీఎఫ్ 12,000 మీద కడుతున్నట్టుంది. మీ వాటా 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐకి 0.75 శాతం, 124 రూపాయలు. వృత్తి పన్ను 150. అక్కడికి లెక్క సరిపోతోంది. యజమాని కూడా 1,440 కడతారు. అందులో వెయ్యి పెన్షన్ పథకానికి పోతుంది, 440 మీ పీఎఫ్‌లో చేరుతుంది. అంటే నెలనెలా మీ పేరున 1,880 జమ. రాకపోకల పెట్రోలుకు 700 తీసేసి, ఈ జమ కలిపితే దాదాపు 16,000. రోజుకు తొమ్మిది గంటల లెక్కన గంటకు 68 రూపాయలు. పదేళ్లు చేస్తేనే వచ్చే పెన్షన్‌ను, సాధారణంగా ఐదేళ్లు నిండాకే ఇచ్చే గ్రాట్యుటీని నేను ఇందులో కలపలేదు. మీరు అన్నేళ్లు ఉంటారో లేదో!

ఈ 16 వేలకు పైన ఈఎస్ఐ ఉంది. మీ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. చేరిన రోజు నుంచే మీకు, భార్యకు, పాపకు వైద్యం. మీ మీద ఆధారపడి, సొంత ఆదాయం పెద్దగా లేకపోతే అమ్మ పేరు కూడా చేర్చవచ్చు. ఆమె షుగర్ మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలో తీసుకోవచ్చు. ఒక్కోసారి స్టాక్ ఉండదు, క్యూలో నిలబడాలి, అది వేరే తలనొప్పి. అయినా నెలనెలా మెడికల్ షాపులో పెట్టే ఖర్చు చాలావరకు తగ్గుతుంది.

వానరాత్రి బళ్లారి చౌరస్తా దగ్గర బండి జారి కాలు విరిగిందనుకోండి. ఆరు వారాలు మంచం. యాప్‌లో ఆర్డర్ మీద ఉన్నప్పుడు జరిగితే ప్రమాద బీమా ఉండొచ్చు. మీ యాప్‌లో ఎంత ఉందో, ఎన్ని గంటల్లోగా తెలియజేయాలో ఈరోజే తెరిచి చదవండి. ఇంటికి వస్తుండగా లాగౌట్ అయ్యాక జరిగితే అదీ అనుమానమే. గోడౌన్‌లో బరువు మీద పడి కాలు విరిగితే, పనికి రాలేని ఆ రోజులకు ఈఎస్ఐ జీతంలో దాదాపు 90 శాతం ఇస్తుంది. దానికి ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు లేదు. మామూలు జబ్బుకైతే 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. కానీ కొత్తగా చేరినవాళ్లకు ఈ 70 శాతం సుమారు తొమ్మిది నెలల తర్వాతే మొదలవుతుంది. కాబట్టి మొదటి ఏడాది చేతిలో నలభై, యాభై వేలు లేకుండా ధీమాగా ఉండకండి.

మీలాంటి గిగ్ కార్మికులకూ రక్షణ అని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో రాశారు, అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం నిధికి కట్టాలి. ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోండి, ఖర్చేమీ లేదు. అయితే మీ పేరున ఏదైనా వచ్చేదాకా దాన్ని ఇంటి బడ్జెట్లో వేయకండి.

ఉద్యోగంలో చేరమనే నా సలహా. కానీ ఇంట్లో గొడవకు కారణమైన సంగతి ఒకటుంది, దాన్ని దాచను. పీఎఫ్ జమతో కిరాణా కొట్టువాడికి డబ్బులివ్వలేరు. పెట్రోలు, రిపేర్లు, చిల్లర ఖర్చులు పోను నెలకు మీ చేతిలో నగదు నాలుగైదు వేలు తగ్గుతుంది. దీన్ని శుక్ర, శని, ఆదివారాల రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర దాకా డెలివరీతో పూడ్చండి. మీ పాత వారాల పేఔట్లు తీసి ఆ మూడు గంటల్లో ఎంత పడుతుందో చూడండి. ఖర్చులు పోను రాత్రికి 300 మిగిలినా నెలకు 13 రాత్రులకు 3,900. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఆర్డర్ లేక చెట్టు కింద కూర్చునే గంటలు మాత్రం పోతాయి, వాటికి మీకు వచ్చిందేమీ లేదు. లాగిన్ గంటలకిచ్చే ఇన్సెంటివ్ పోవచ్చు, దాన్ని లెక్కలో వేయకండి. నియామక పత్రంలో బయట పని చేయకూడదని రాసి ఉందేమో చదివి సంతకం పెట్టండి.

బండి పాలసీ కూడా తీసి చూడండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద డెలివరీ చేస్తుండగా బండి దెబ్బతింటే క్లెయిం తిరస్కరించే అవకాశం ఉంది. ఏజెంట్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఇక అసలు అనుమానం గోడౌన్ మీదే. కాంట్రాక్టర్ ద్వారా తీసుకునే చోట జీతంలో పీఎఫ్ కోసి, కట్టకుండా ఊరుకున్న సంగతులు నా దగ్గరికి చాలానే వచ్చాయి. అలాగే 16,500 అన్నది జీతమా, యజమాని వాటా కూడా కలిపిన మొత్తమా అని ముందే అడగండి. రెండోదైతే మీ లెక్కలోంచి మరో రెండు వేలు పోతుంది. మొదటి నెలలోనే మీ పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోండి. ఒక నెల పీఎఫ్‌ను మరుసటి నెల 15లోగా కట్టాలి. రెండో నెల 20 దాటాక UMANG యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. మీ వాటా, యజమాని వాటా రెండూ ఒకే వరసలో కనిపించాలి. ఇంకో నెల చూసినా కనిపించకపోతే, పాత స్లాట్లలోకి తిరిగి రావడానికి మీ యాప్ ఐడీ వారాంతాల్లో నడుస్తూనే ఉంటుంది.