డాక్టరుగారిని సభకు పరిచయం చేసే ఆ ఒక్క నిమిషం

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

మీ ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి పాముకాటు గురించి చెప్పడానికి వస్తున్న డాక్టరుగారిని నువ్వే పరిచయం చేయాలని రాశావు. ఆయన పంపిన రెండు పేజీల బయోడేటా చదివేద్దామనుకుంటే మాత్రం మానుకో. ఎక్కడ చదివారో, ఎన్ని సదస్సులకు వెళ్లారో పొలం నుంచి వచ్చి కూర్చున్నవాళ్లకు అక్కర్లేదు. ఈ విషయం మీద ఈయన మాట ఎందుకు వినాలో తెలిస్తే చాలు.

నిమిషం దాటనీయకు. ముందు ఊరివాళ్ల అవసరం, తర్వాత ఆయన గురించి ఒకటి రెండు సంగతులు, ఆపైన విషయం, అన్నిటికన్నా చివర పేరు. ఇలా:

“రాత్రిళ్లు మడికి నీళ్లు పెట్టడానికి వెళ్లేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. పాము కరిస్తే ఆసుపత్రికి చేరేలోపు ఏం చేయాలన్నది మనందరికీ కావలసిన సంగతి. మన ఏరియా ఆసుపత్రిలో 12 ఏళ్లుగా పాముకాటుకు వైద్యం చేస్తున్నవారు ఇప్పుడు ఆ సంగతే చెబుతారు. డాక్టర్ ఫలానా గారు.”

పేరు వినగానే జనం చప్పట్లు కొడతారు. అది ముందే చెప్పేస్తే చప్పట్లు మధ్యలో పడతాయి, ఆయన సగం లేచి మళ్లీ కూర్చోవాల్సి వస్తుంది.

“కాటు పైన తాడు బిగించి కట్టకూడదట” అని నువ్వే చెప్పకు. అది ఆయన చెప్పాల్సిన ముఖ్యమైన మాట. “పరిచయం అక్కర్లేని వ్యక్తి” అనీ అనకు. అక్కర్లేకపోతే నువ్వు లేచిందెందుకు?

ముందురోజు ఫోన్ చేసి, రాసుకున్నది ఆయనకే చదివి వినిపించు. పేరు ఎలా పలకాలో, ఇంటిపేరు కలపాలో లేదో అడుగు. ప్రభుత్వ వైద్యులకు బదిలీలుంటాయి కనుక బయోడేటాలో పాత హోదా, పాత ఊరు ఉండిపోవచ్చు. ఆ 12 ఏళ్ల లెక్క కూడా సరిచూసుకో.

ఇక మైకు అప్పగించడం. సభలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. భోజనాల సంగతి, ఫోన్లు ఆపమనడం పరిచయానికి ముందే ముగించు. శాలువా ప్రసంగం అయ్యాకే కప్పించు. ముందు కప్పితే ఫొటోలతోనే ఐదు నిమిషాలు పోతాయి. ల్యాప్‌టాప్‌కు చార్జరు పెట్టి, మొదటి స్లైడు తెర మీద ఉంచు.

పేరు చెప్పాక ఇంకొక్క మాట కూడా కలపకు. ఒక అడుగు పక్కకు జరిగి చప్పట్లు కొడుతూ, ఆయన మైకు దగ్గరికి వచ్చేదాకా అక్కడే ఉండు. అలవాటుగా మైకు ఆపేస్తావేమో జాగ్రత్త, చాలా ప్రసంగాలు “హలో, హలో”తో మొదలయ్యేది అందుకే. నీ కాగితం నువ్వు తీసుకుపో.

ఎంతసేపు మాట్లాడాలో వేదిక మీద ప్రకటించకు, ముందే విడిగా చెప్పు. ఐదు నిమిషాలు మిగిలాయనగా వెనక వరుసలోంచి ఒక అట్ట చూపిస్తామని కూడా చెప్పి ఉంచు.

ఆయన ఆలస్యంగా వస్తే నీ పరిచయంలో మొదటి వాక్యం, హోదా, పేరు ఉంచి తక్కినది కొట్టేయ్.

ఇట్లు,
మీ బాబాయి