దారానికి కట్టిన రాయి లెక్కలో ఎనర్జీ కంటే ముందు టెన్షన్ చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన లెక్క చూశాను. 0.2 కిలోల రాయి, 0.8 మీటర్ల దారం, దారం రెండో చివర గోడకున్న మేకుకి కట్టేసి ఉంది, రాయి అన్నిటికంటే కింద ఉన్నప్పుడు దానికి కనీసం ఎంత స్పీడ్ ఇస్తే నిలువుగా ఒక చుట్టు పూర్తిగా తిరుగుతుంది అని అడిగాడు. నువ్వేమో రాయి 1.6 మీటర్లు పైకి ఎక్కాలి కదా అని ½mv² = mg(2r) రాసేసి, g ని 10 తీసుకుని, 5.66 అని తేల్చావు. పుస్తకం వెనకాల జవాబు 6.32 అని ఉంది, ఎనర్జీ లెక్కలో నాకేం తప్పు కనపడట్లేదు బాబాయ్ అన్నావు. నిజమే, ఎనర్జీ లెక్కలో తప్పు లేదు. కానీ ఆ ఈక్వేషన్ రాసినప్పుడే నువ్వు ఇంకో మాట కూడా ఒప్పేసుకున్నావు, రాయి పైకి చేరేసరికి దాని స్పీడ్ సున్నా అయిపోయినా పర్లేదు అని. అదే కుదరదు.

ఇలాంటి లెక్క ఏది వచ్చినా ఎనర్జీ జోలికి వెళ్ళేముందు వృత్తంలో అన్నిటికంటే పై పాయింట్ దగ్గర రాయి బొమ్మ ఒక్కటి వేసుకో. దాని మీద ఏమేం ఫోర్సులు ఉన్నాయో బాణాలు గియ్యి. ఒకటి mg, అది ఎప్పుడూ కిందకే. రెండోది దారం టెన్షన్, దారం తనవైపు లాగుతుంది తప్ప నెట్టలేదు కదా, మేకు ఇప్పుడు రాయికి కింద ఉంది కాబట్టి టెన్షన్ బాణం కూడా కిందకే. అంతే, రెండే బాణాలు, రెండూ కిందకే. మూడోది గియ్యకు. చాలామంది mv²/r అని ఇంకో బాణం పైకి గీసి దాన్నీ ఒక ఫోర్స్ లాగా లెక్కలో కలిపేస్తారు, అక్కణ్ణుంచి సైన్లన్నీ తారుమారైపోతాయి. mv²/r అనేది రాయి మీద విడిగా పనిచేసే ఫోర్స్ కాదు, వృత్తంలోనే తిరగాలంటే కేంద్రం వైపు మొత్తం ఎంత ఫోర్స్ కావాలో చెప్పే లెక్క. కావాల్సింది ఒక పక్క, ఉన్నది ఇంకో పక్క రాయాలి, పై పాయింట్ దగ్గర అది ఇలా వస్తుంది:

T + mg = mv²/r

ఇప్పుడు నీ రాయికే అంకెలు పెట్టి చూద్దాం. దాని బరువు 2 న్యూటన్లు. పైన దాని స్పీడ్ సెకనుకి 4 మీటర్లు అనుకో, కావాల్సిన ఫోర్స్ 0.2 × 16 / 0.8, అంటే 4 న్యూటన్లు, అందులో 2 గ్రావిటీ ఇస్తుంది, మిగతా 2 దారం ఇస్తుంది, బానే ఉంది. స్పీడ్ 2 కి తగ్గించు, కావాల్సింది 1 న్యూటన్ మాత్రమే, కానీ గ్రావిటీ మనం వద్దన్నా 2 న్యూటన్లు లాగుతూనే ఉంటుంది, అప్పుడు ఈక్వేషన్ లో T మైనస్ 1 వస్తుంది. మైనస్ వచ్చిందంటే దారం రాయిని పైకి నెట్టాలి అని అర్థం, దారం ఆ పని చెయ్యలేదు. అంటే ఆ స్పీడ్ తో రాయి ఆ పాయింట్ దగ్గర వృత్తం మీద ఉండే ప్రసక్తే లేదు, అంతకుముందే దారం వదులైపోయి రాయి లోపలికి పడిపోయి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడంటే T సరిగ్గా సున్నా అయ్యే చోట, కావాల్సినదంతా గ్రావిటీ ఒక్కటే ఇచ్చేసే చోట. mg = mv²/r, అంటే v² = gr, నీ లెక్కలో 8, స్పీడ్ 2.83. మాస్ కొట్టేసుకుపోయింది చూడు, రాయి బరువుదైనా తేలికదైనా పైన ఉండాల్సిన కనీస స్పీడ్ ఒకటే.

ఇప్పుడు ఎనర్జీ దగ్గరికి రా. కింద ఉన్న v² అంటే పైన ఉన్న v² కి 4gr కలపడమే, ఎక్కిన ఎత్తు 2r కాబట్టి. 8 కి 32 కలిపితే 40, దాని స్క్వేర్ రూట్ 6.32. సింబల్స్ లో అయితే కింద v² = 5gr. నువ్వు ఆ 32 ఒక్కటే రాశావు, 8 వదిలేశావు.

మరి 5.66 తోనే వదిలితే నిజంగా ఏమవుతుంది అనేది ఒక్కసారి పూర్తిగా చూడు, ఎందుకంటే ఇది అర్థమైతే ఈ చాప్టర్లో సగం లెక్కలు వాటంతట అవే విడిపోతాయి. రాయి కింద నుంచి బయల్దేరి మేకు ఎత్తు దాకా హాయిగా వెళ్తుంది. ఆ ఎత్తు దాటాక గ్రావిటీలో కొంత భాగం కేంద్రం వైపు తిరుగుతుంది, పైకెళ్ళే కొద్దీ ఆ భాగం పెరుగుతూ పోతుంది, మరోపక్క స్పీడ్ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి కావాల్సిన ఫోర్స్ కూడా తగ్గిపోతుంది, రెండూ కలిసి దారానికి పని లేకుండా చేసేస్తాయి. మేకు నుంచి నిలువుగా పైకి గీసిన గీతతో దారం α కోణంలో ఉన్నప్పుడు టెన్షన్ సున్నా అయ్యిందనుకుంటే అక్కడ v² = gr cosα, ఎనర్జీ నుంచేమో v² = 4gr − 2gr(1 + cosα). రెండూ సమానం చేస్తే cosα = 2/3, అంటే పై పాయింట్ ఇంకా 48 డిగ్రీల దూరంలో ఉండగానే దారం వదులైపోతుంది. అప్పటికి రాయి కింద నుంచి 1.33 మీటర్ల ఎత్తులో ఉంది, స్పీడ్ ఇంకా 2.31 ఉంది. అక్కణ్ణుంచి అది వృత్తంలో తిరిగే రాయి కాదు, గాల్లోకి విసిరిన మామూలు ప్రొజెక్టైల్. వెలాసిటీలో నిలువు భాగంతో ఇంకో 15 సెంటీమీటర్లు ఎక్కి, 1.48 మీటర్ల దగ్గర ఆగి, వృత్తం లోపలే వంపు తిరిగి కిందకి వచ్చేస్తుంది. 1.6 కి సరిపడా ఎనర్జీ ఇచ్చినా 1.48 దగ్గరే ఎందుకు ఆగింది అంటే, అడ్డంగా వెళ్ళే వెలాసిటీ దగ్గర ఇంకా కొంత కైనెటిక్ ఎనర్జీ మిగిలిపోయింది, అది ఎత్తుగా మారడానికి దారిలేదు. ఎనర్జీ ఎక్కడికీ పోలేదు, లెక్క సరిపోతుంది, కావాలంటే వేసి చూసుకో.

దారం బదులు బరువు లేని సన్నటి కడ్డీ ఉంటే మాత్రం కథ వేరు. కడ్డీ నెట్టగలదు కూడా, పైన రాయిని కింద నుంచి ఆపి పట్టుకోగలదు, కాబట్టి అక్కడ స్పీడ్ సున్నా దాకా తగ్గినా పర్లేదు, కింద v² 4gr దాటితే చాలు. అందుకే లెక్క చదివేటప్పుడు దారమా కడ్డీయా అన్న మాట కింద గీత గీసుకో, రెంటికీ జవాబు వేరు.

ఇక కింద పాయింట్ దగ్గర టెన్షన్. ఇక్కడ మేకు పైన ఉంది, టెన్షన్ పైకి, mg కిందకి, కేంద్రం పైకి ఉంది కాబట్టి T − mg = mv²/r. పైన ప్లస్, కింద మైనస్, ఇది బట్టీ పట్టకు, ప్రతిసారీ బొమ్మ వేసి కేంద్రం ఎటు ఉందో చూసి రాసుకో. v² కి 40 పెడితే mv²/r విలువ 10 న్యూటన్లు, బరువు 2, మొత్తం 12. అంటే 6mg. రాయి ఊరికే వేలాడుతున్నప్పుడు దారం మీద 2 న్యూటన్లే ఉంది, 6.32 స్పీడ్ అందుకున్న మరుక్షణం అది 12 అయిపోయింది, రాయి ఇంకా ఒక్క సెంటీమీటర్ కూడా పైకి ఎక్కకముందే. దారం తెగేటట్టుంటే మామూలుగా ఇక్కడే తెగుతుంది, స్పీడూ ఇక్కడే ఎక్కువ, బరువు కూడా పూర్తిగా ఇక్కడే దారానికి ఎదురు లాగుతుంది. ఇక్కడ తెగితే రాయి అడ్డంగా, ఆ క్షణంలో ఎటు వెళ్తోందో అటే దూసుకుపోతుంది. పైన వదులైపోవడం, కింద తెగిపోవడం వేరు వేరు సంగతులు, కలిపెయ్యకు, ఒకదాంట్లో టెన్షన్ సున్నాకి పడింది, ఇంకోదాంట్లో హద్దు దాటింది.

ఈ 6mg లో r లేదు, గమనించావా? 10 న్యూటన్లకి తెగిపోయే దారం ఇచ్చి ఈ రాయిని పూర్తి చుట్టు తిప్పమంటే, దారం పొట్టిది చేసినా పొడుగుది చేసినా కుదరదు, ఎంత పొడుగైనా కింద 12 తప్పదు. అదే 16 న్యూటన్లు ఆపే దారం అయితే 14 = 0.2v²/0.8 నుంచి v² 56, స్పీడ్ 7.48 దాకా ఇవ్వొచ్చు. అంటే ఆ దారంతో నీకు ఉన్న చోటు 6.32 నుంచి 7.48 దాకా, అంతకు తక్కువైతే చుట్టు పూర్తవదు, ఎక్కువైతే కింద తెగుతుంది. పరీక్షల్లో ఈ రెండు హద్దులూ కలిపి అడగడం నాకు చాలా ఇష్టం, పిల్లలకి నిజంగా అర్థమైందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. కింద, పైన టెన్షన్ల తేడా ఎప్పుడూ 6mg అని ఎక్కడో చదివి అన్ని చోట్లా వాడేస్తుంటారు. రాయిని దాని మానాన వదిలేసి, మేకు కదలకుండా ఉండి, గాలి రాపిడి వదిలేస్తేనే ఆ 6mg వస్తుంది, ఎందుకంటే అందులో 4mg వచ్చింది ఎనర్జీ మారడం వల్ల, మిగతా 2mg గ్రావిటీ పైన ఒకవైపు, కింద ఒకవైపు పనిచెయ్యడం వల్ల. లెక్కలో "ఒకే స్పీడ్ తో తిరుగుతోంది" అని ఉంటే, ఎవరో చేత్తోనో మోటార్ తోనో ఎనర్జీ ఇస్తూ తీస్తూ ఉన్నారని అర్థం, అక్కడ కింద v² కి 5gr వాడకూడదు. పైన v² కనీసం gr ఉండాలన్నది మాత్రం మారదు, అది ఎనర్జీ నుంచి రాలేదు కదా. కాబట్టి నీ రాయే 2.83 స్పీడ్ తో ఒకేలా తిరిగితే పైన టెన్షన్ సున్నా, కింద 4 న్యూటన్లు, తేడా 2mg మాత్రమే. ఒక చుట్టుకి పట్టే టైమ్ 2π√(r/g), దాదాపు 1.78 సెకన్లు. చేత్తో చేసి చూడాలనుంటే రాయి వద్దు, రబ్బరు ముక్క కట్టుకో, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని మెల్లమెల్లగా స్పీడ్ తగ్గిస్తూ తిప్పు, పైకెళ్ళినప్పుడు వేలి మీద లాగుడు పూర్తిగా పోయిన చుట్టు ఒకటి వస్తుంది, ఆ తర్వాత ఇంకాస్త తగ్గిస్తే దారం పైన మడత పడి రబ్బరు లోపలికి జారిపోతుంది. చెయ్యి కదులుతుంది కాబట్టి లెక్కకి అచ్చంగా సరిపోదు గానీ, ఫోన్లో స్లో మోషన్ తీసుకుంటే ఆ మడత ఎక్కడ మొదలైందో చూడొచ్చు. తీస్తే నాకూ పంపు.

మీ బాబాయ్